మధ్య ముఖం

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ ఒకసారి వణుకుతుంది. "ఈ రోజు ఎలా ఉన్నారు?" అని మూడ్ డైరీ యాప్ అడిగి, ఐదు గుండ్రటి ముఖాలు వరసగా పరుస్తుంది. ఎడమ చివర కన్నీళ్ళు, కుడి చివర చెవుల దాకా నవ్వు, నడుమ గీత గీసినట్టుండే మూతి. ఏదో ఒకటి నొక్కితే చాలు, ఆ రోజు డైరీ అయిపోయినట్టే. కింద రాసుకోవడానికి ఒక డబ్బా ఉంటుంది కానీ రాయకపోయినా ఎవరూ అడగరు.

నాలుగు నెలలు ఈ పని చేశాక ఒక రోజు వెనక్కి తిరిగి చూశాను. ముఖ్యంగా రెండు వారాలు. మా అమ్మాయి చదువుకని ఇల్లు వదిలి హాస్టల్‌కి వెళ్ళిన రోజులవి. పధ్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు ముఖం నొక్కాను, మూడు రోజులు నొక్కలేదు. ఏడుపు ముఖానికి 1, పెద్ద నవ్వుకి 5 చొప్పున యాప్ లోపల లెక్క వేసుకుంటుంది. నావి మొత్తం 41 వచ్చాయి. పదకొండుతో భాగిస్తే 3.7. "ఈ రెండు వారాలు మీ మూడ్ నిలకడగా, బాగుంది" అని ఒక ఆకుపచ్చ గీత చూపించింది.

మా ఆవిడకి చూపించాను. ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని చూసి, "మూడు రాత్రులు అసలు నిద్రే పోలేదు కదండీ, అవి ఇందులో ఎక్కడున్నాయి?" అంది.

లేవు. నేను నొక్కని మూడు రోజులూ అవే. అమ్మాయిని దింపి వచ్చిన మర్నాటి నుంచి మూడు రోజులు, ఫోన్ వణికినప్పుడల్లా దాన్ని బోర్లా పెట్టేశాను. ఎలా ఉన్నారంటే చెప్పడానికి నా దగ్గర జవాబు లేక. ఆ మూడు రోజులకీ నిజాయితీగా ఏడుపు ముఖాలే పెట్టి ఉంటే మొత్తం 44 అయ్యేది, పధ్నాలుగుతో భాగిస్తే 3.1. బాగున్న మనిషి కాస్తా అంతంతమాత్రం మనిషి అయ్యేవాడు. పైగా యాప్ ఆ ఖాళీని ఖాళీగా వదలలేదు. అటు దింపిన రోజు చుక్క మూడు దగ్గర, ఇటు మళ్ళీ మొదలుపెట్టిన రోజు చుక్క నాలుగు దగ్గర. రెంటినీ కలుపుతూ గీత లాగేసింది. అంటే నా నిద్రలేని మూడు రాత్రుల మీదుగా ఆ గీత మెల్లగా పైకెక్కింది!

ఇది నా ఒక్కడి బద్ధకం సంగతి కాదు. మనిషి జవాబు చెప్పడం మానేసే రోజులు చీట్లు తీసినట్టు రావు. మరీ బాగోలేనప్పుడో, మరీ బాగుండి ఫోన్ గుర్తురానప్పుడో మానేస్తాడు. అలా పోయిన రోజుల్ని వదిలేసి మిగతావాటికి సగటు కడితే, ఆ సగటు ఫోన్ తీసి ముఖం నొక్కే ఓపిక ఉన్న రోజులకి మాత్రమే చెందుతుంది.

సరే, నొక్కిన రోజుల సంగతైనా సరిగ్గా ఉందా అని చూశాను. ఆ పదకొండింటిలో మధ్య ముఖాలు నాలుగు. రెండో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు. రెండో రోజు ఏమైందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు, పదకొండో రోజూ అంతే. బహుశా ఏమీ జరగని మామూలు రోజులు. పన్నెండో రోజు కింద మాత్రం ఒక్క వాక్యం రాసుకున్నాను: "పొద్దున తమ్ముడితో ఫోన్లో గొడవ, సాయంత్రం వాడే మళ్ళీ చేశాడు." ఇక అయిదో రోజు అమ్మాయిని దింపిన రోజు. కింద ఇలా ఉంది: "గది తాళం దానికిచ్చాను. ఎంత గర్వంగా ఉందో. కారు దాకా నడవలేకపోయాను."

ఏమీ లేని రోజుకీ మధ్య ముఖమే, అన్నీ ఒకేసారి ఉన్న రోజుకీ మధ్య ముఖమే. అటు అయిదు, ఇటు ఒకటి, రెండూ కలిపి సగం చేస్తే మూడు అని అప్పుడు నేనే మనసులో లెక్క కట్టి నొక్కాను. కానీ సంతోషం, దుఃఖం చన్నీళ్ళూ వేన్నీళ్ళూ కావు, కలిపితే గోరువెచ్చగా అవడానికి. ఆ రోజు నాలో రెండూ విడివిడిగా, రెండూ పూర్తిగా ఉన్నాయి. 2001లో జెఫ్ లార్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి సరిగ్గా ఈ ప్రశ్నే పరిశీలించాడు: మనిషికి ఒకే సమయంలో ఆనందమూ బాధా రెండూ ఉంటాయా అని. వాళ్ళు అడిగిన వాళ్ళలో హాస్టల్ ఖాళీ చేస్తున్న విద్యార్థులు, పట్టా అందుకుంటున్న విద్యార్థులు ఉన్నారు. మామూలు రోజుల్లో అడిగిన వాళ్ళకంటే ఈ రోజుల్లో అడిగిన వాళ్ళు, రెండూ ఉన్నాయని ఎక్కువగా చెప్పారు. హాస్టల్‌కి పిల్లల్ని దింపి వచ్చే తండ్రుల్ని కూడా అడిగి ఉండాల్సింది.

మనిషి బాధని ముఖాల వరసతో కొలవడం యాప్‌లతో మొదలవలేదు. 1980ల్లో డోనా వాంగ్, కొనీ బేకర్ అనే ఇద్దరు, ఆసుపత్రిలో ఉన్న చిన్న పిల్లల కోసం ఆరు ముఖాల వరస తయారుచేశారు. ఇప్పుడు దానికి సున్నా నుంచి పది దాకా లెక్క. నొప్పి ఎంతుందో మాటల్లో చెప్పలేని పిల్లవాడు వేలు పెట్టి చూపిస్తాడు. అది బాగా పనిచేసింది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఉంది. ఎందుకంటే అక్కడ అడిగేది ఒకటే ప్రశ్న, ఎంత నొప్పి అని. అయినా దాని మీద కూడా ఒక అభ్యంతరం వచ్చింది. సున్నా దగ్గర ఉన్న ముఖం నవ్వుతుంటుంది. నొప్పి లేనంత మాత్రాన ఆసుపత్రి మంచం మీద పిల్లవాడు నవ్వుతూ ఉండాలని ఏముంది? భయంగా ఉండొచ్చు, అమ్మ కోసం చూస్తుండొచ్చు. అందుకే 2001లో వచ్చిన మరో ముఖాల కొలతలో నవ్వులూ తీసేశారు, కన్నీళ్ళూ తీసేశారు. నొప్పినీ మనసునీ కలిపేయకూడదని వాళ్ళు అంత జాగ్రత్తపడితే, మన యాప్‌లు ఆ నవ్వుల్నీ కన్నీళ్ళనే తెచ్చి మనసుకి కొలబద్ద చేశాయి.

ఒకే వరస చాలదని తెలిసిన యాప్‌లూ లేకపోలేదు. 1980లో జేమ్స్ రస్సెల్ మనోభావాల్ని రెండు గీతల మీద పెట్టి చూపించాడు: హాయిగా ఉందా లేదా అన్నది ఒకటి, ఒంట్లో మనసులో ఎంత ఉద్రేకం ఉందన్నది రెండోది. ఆ దారిలో కొన్ని యాప్‌లు నాలుగు రంగుల గళ్ళు చూపించి, తర్వాత మాటల జాబితా ఇస్తాయి. ఇది మేలే. కోపంతో ఊగిపోతున్నవాడూ, మంచం దిగలేనివాడూ కనీసం ఒకే గడిలో పడరు. కానీ ముందు గడి ఎంచుకోవాలి, ఆ గడిలోని మాటలే కనిపిస్తాయి. నా అయిదో రోజుని ఏ గడిలో పెట్టను?

అసలు ఆ మాటల జాబితా దగ్గరే నాకు ఇంకో పేచీ ఉంది. ఏడుపు ముఖం ఒక్కటే. దాని కింద మనం బెంగనీ, దిగులునీ, గుబులునీ, చిన్నబోవడాన్నీ, ఉక్రోషాన్నీ అన్నిటినీ కుక్కాలి. దిగులు పడటానికి మనిషి అక్కర్లేదు, సాయంత్రం ఊరికే పట్టుకుంటుంది. గుబులులో భయం ఉంది, ఏదో జరగబోతోందని. ఉక్రోషంలో కోపమూ ఉంది, ఏమీ చేయలేని అవమానమూ ఉంది. ఇక బెంగకి ఎవరో ఒకరు ఉండాలి. "నాన్న మీద బెంగ పెట్టుకుంది" అంటాం. ఆ "మీద" లేకపోతే బెంగ సగమే. కోపమైనా అలకైనా అంతే, ఎవరి మీద అన్నది చెబితేనే అర్థమవుతుంది. గుండ్రటి ముఖానికి ఈ "మీద" ఉండదు. అది దేన్నీ చూడదు, నన్ను తప్ప.

క్రియలు కూడా చూడండి. కోపం వస్తుంది, చిరాకు వేస్తుంది, దిగులు పట్టుకుంటుంది, బెంగ మాత్రం మనం పెట్టుకుంటాం. ఏది దానంతటది వచ్చిందో, ఏది మనం పట్టుకు వేలాడుతున్నామో భాషే విడదీసి పెట్టింది. ఆ మూడు రాత్రులూ నన్ను ఏదో పట్టుకుందనుకున్నాను. తర్వాత రాయబోతే చేతికి వచ్చిన వాక్యం "బెంగ పెట్టుకున్నాను" అని. అప్పుడుగానీ తెలియలేదు, రోజుకి ఆరేడుసార్లు అమ్మాయి గది తలుపు తీసి చూసి వస్తున్నది నేనేనని.

మాట దొరికితే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళకి ఒక ప్రయోగం చెబుతాను. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కొందరికి కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. ఒకసారి ఆ ముఖానికి సరిపోయే మాట ఎంచుకోమంది, ఇంకోసారి అలాంటిదే మరో ముఖాన్ని ఎంచుకోమంది. మాట ఎంచుకున్నప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నెమ్మదించింది. ముఖానికి ముఖాన్ని జత చేసినప్పుడు అలా జరగలేదు. అవి వేరేవాళ్ళ ఫొటోలు, వాళ్ళ సొంత బాధలు కావు, కాబట్టి దీన్ని ఎక్కువ లాగను. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి నేను చేస్తున్నది ఆ రెండో పనే అని మాత్రం చటుక్కున తట్టింది.

ముఖాలు వద్దని నేననను. పేజీ చూస్తేనే చెయ్యి ఆగిపోయేవాళ్ళకి రెండు సెకన్ల నొక్కుడు కూడా ఒక మొదలే. పుస్తకంలో పేజీ మూల మడిచి పెట్టుకున్నట్టు, ఇక్కడ ఏదో ఉంది అని గుర్తుగా అది పనికొస్తుంది. నేను వరస మాత్రం మార్చాను: ముందు ఒక వాక్యం, అందులో ఎవరో, ఎందుకో ఉండాలి, ముఖం ఆఖర్న. నొక్కబుద్ధి కాని రోజున కనీసం "నొక్కబుద్ధి కాలేదు" అని రాస్తాను. రెండు ముఖాలు కావలసిన రోజున రెండుసార్లు నమోదు చేస్తాను, సగటు ఏమైపోయినా సరే.

ఒక్క విషయంలో మాత్రం ఆ ఆకుపచ్చ గీతని నమ్మొద్దని గట్టిగా చెబుతాను. కుంగుబాటు ఉందేమో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే PHQ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. నిద్ర, ఆకలి, నీరసం, ధ్యాస, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఇలా. గత రెండు వారాల్లో ఇవి ఎన్ని రోజులు ఉన్నాయని అడుగుతుంది. ముఖం ఎంచుకోమని ఎక్కడా అడగదు. నిద్ర పట్టని రోజులు మూడుతో ఆగకుండా పది దాటి ఉంటే, నా గీత ఎంత పచ్చగా ఉన్నా నేను వెళ్ళాల్సింది డాక్టర్ దగ్గరికే.

నిన్న రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. నవ్వుతూనే మాట్లాడి, పెట్టేసే ముందు "నాన్నా, నా గది తలుపు వేసే ఉంచారా?" అంది. తొమ్మిదిన్నరకి ముఖాలు వచ్చాయి. ఆ వాక్యం ఉన్నదున్నట్టు డబ్బాలో రాసి, ఏ ముఖమూ నొక్కకుండా మూసేయబోతే యాప్ ఒప్పుకోలేదు. ముఖం లేకపోతే సేవ్ అవదట. కాగితం తెచ్చుకున్నాను.