నాలుగో ఏడాది సంగతి దేవుడెరుగు

పల్లెల్లో డిప్రెషన్ చికిత్సకు గ్రాంటు ప్రతిపాదన రాయబోతున్న మిత్రులకు మనవి. రోగం గురించి ఎంత రాసినా ఎవరూ కాదనరు. అసలు పాండిత్యం తేలేది 'సుస్థిరత ప్రణాళిక' అనే చివరి పేజీలోనే. మూడేళ్లకు డబ్బు ఆగిపోతుంది, పని మాత్రం సాగిపోతుంది. ఇది నమ్మించాలి.

దానికో మంత్రముంది: "ఈ బాధ్యతలు ఆరోగ్య కార్యకర్తల ప్రస్తుత విధుల్లో విలీనమవుతాయి." ఇంతటితో ఊరుకోండి, లెక్క మాత్రం వేయకండి. ఒక కార్యకర్త చూసే వెయ్యిమంది పెద్దవాళ్లలో నూటికి ఐదుగురు చొప్పున 50 మంది తేలతారు. తలా ఆరుసార్లు కూర్చుని మాట్లాడితే 300 విడతలు. నడక, రాతకోతలు కలుపుకుని విడతకు గంట వేసుకున్నా వారానికి దాదాపు ఆరు గంటలు. సగం మందే ముందుకొస్తారంటారా, సరే, మూడు. ఆ మూడూ టీకాల పనిలోంచి తీయాలా, బాలింతల పనిలోంచా అని సమీక్షకుడు అడిగితే 'సేవాభావం' అని జవాబివ్వండి. బడ్జెట్‌లో దానికి గడి ఉండదు కాబట్టి ఖర్చు సున్నా.

ఇక ఆధారాలు. డాక్టర్లు కాని మామూలు సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతల్లో, రోగి మానేసిన పనుల్ని ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టించి, తీవ్రమైన డిప్రెషన్‌ను తగ్గించగలిగారని గోవా పరిశోధన 2017లో చూపింది. తప్పక ఉదహరించండి. వాళ్లు వారం వారం కలిసి తమ సంభాషణల రికార్డింగులు విని, ఒకరికొకరు మార్కులేసుకున్న సంగతి మాత్రం మింగేయండి. ఎందుకంటే గ్రాంటు అయిపోగానే మీరు ముందు కొట్టేసేది పర్యవేక్షకుల జీతాన్నే.

అప్పుడేమవుతుంది? పెద్దగా ఏమీ కనిపించదు, అదే దీని సొగసు. కార్యకర్త వెళ్తుంది, "ధైర్యంగా ఉండమ్మా" అంటుంది, ఫారం నింపుతుంది. ఫారంలోని డిప్రెషన్ స్కోర్లు నెలనెలా బుద్ధిగా రెండేసి తగ్గుతాయి, ప్రతి ఇంట్లోనూ. నిజం మనుషుల స్కోర్లు ఇంత క్రమశిక్షణగా నడవవు. పేజీల కొద్దీ ఒకే అంకెలు కనిపిస్తే ఫారం అరుగు మీద నిండిందని తెలుసుకోవచ్చు. కానీ చూసే మనిషినే తీసేశాం కదా!

మిగిలింది ఆ స్కోర్లు తేల్చే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి. దాని తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని. ఎవరైనా అవునంటే మొత్తం స్కోరెంతైనా ఆ రోజే కదలాలి. అందుకు ప్రతిపాదనలో ఒక అత్యవసర ఫోన్, దాన్ని ఎత్తడానికి ఒక నర్సు ఉన్నారు. చాలా బాగుంది. అనుబంధంలోని ఆస్తుల పట్టికలో, మూడో ఏడాది చివరి నెల పక్కన ఇలా ఉంది: "ఫోన్, ఛార్జర్‌తో సహా, వాపసు."