కొబ్బరి నూనె సంగతి తర్వాత, ముందు ఆ 25 ఎక్స్ ఐపీస్ తీయండి

“ల్యాబ్ మిత్రులకు సూపర్ టిప్స్!! (1) ఆయిల్ వేసేది మ్యాగ్నిఫికేషన్ పెరగడానికే. 40 ఎక్స్ మీద 25 ఎక్స్ ఐపీస్ పెడితే అదే 1000 వస్తుంది, 100 ఎక్స్ లెన్సూ ఆయిలూ రెండూ దండగ. (2) ఆయిల్ అయిపోతే కొబ్బరి నూనె వాడండి. (3) కండెన్సర్ కిందికి దించి డయాఫ్రమ్ మూస్తే బొమ్మ క్లియర్. (4) పాత మైక్రోస్కోప్ లెన్స్ అరిగి పవర్ తగ్గుతుంది. అందరికీ షేర్ చేయండి.”

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా డీఎంఎల్‌టీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత నల్గొండ ల్యాబుల గ్రూపులో, ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు పంపాడు. నిన్న రాత్రి మా మేనమామ కూడా పంపాడు. ఆయనకు మైక్రోస్కోప్‌తో ఏం పనో నాకు అర్థం కాలేదు, ఆయనది ఎరువుల దుకాణం.

నాలుగోది ముందు తీసేద్దాం. అరగడానికి లెన్స్ ఏమన్నా చెప్పు అడుగా? మసక వస్తుంటే దాని మీద ఎండిపోయిన నూనె పొర ఉంటుంది, లేదా వానాకాలంలో లోపల ఫంగస్ పట్టి ఉంటుంది. మొదటిది తుడిస్తే పోతుంది, రెండోదానికి మెకానిక్ కావాలి. అంతే.

ఇక మొదటిది. నా కోపమంతా దీని మీదే.

నూనె వేసినా వేయకపోయినా 100 ఎక్స్ లెన్స్ 100 రెట్లే చూపిస్తుంది. నూనె వేసేది పెద్దగా చూపడానికి కాదు, విడదీసి చూపడానికి. ఈ రెండూ వేరు. నార్కట్‌పల్లి దగ్గర రాత్రిపూట హైవే మీద నిలబడి దూరంగా వచ్చే లారీని ఫోన్‌లో ఫొటో తీయండి. రెండు హెడ్‌లైట్లూ కలిసిపోయి ఒకే చుక్కగా పడతాయి. ఇప్పుడు ఆ ఫొటోను రెండు వేళ్లతో ఎంత లాగినా ఒక పెద్ద చుక్క వస్తుందే తప్ప రెండు దీపాలు రావు. 25 ఎక్స్ ఐపీస్ చేసే పని అదే. ఆబ్జెక్టివ్ తెచ్చిన బొమ్మను లాగుతుంది. తేనిదాన్ని అది ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆబ్జెక్టివ్ ఎంత తేగలదో దాని ఒంటి మీదే చెక్కి ఉంటుంది. మామూలు 40 ఎక్స్ లెన్స్ మీద 40/0.65 అని, 100 ఎక్స్ మీద 100/1.25 అని కనిపిస్తుంది. మనమంతా ముందున్న అంకె చూసి వెనకున్నది వదిలేస్తాం. అసలు సరుకు వెనకదే, దాని పేరు న్యూమరికల్ అపెర్చర్. స్లైడు మీది కణం నుంచి వెలుతురు నిటారుగా ఒక్క దారినే రాదు, పక్కలకు చెదురుతుంది. రెండు చుక్కలు ఎంత దగ్గరగా ఉంటే వాటి నుంచి వచ్చే వెలుతురు అంత వెడల్పుగా చెదురుతుంది. ఆ వెడల్పు వెలుతురును లెన్స్ పట్టలేదంటే అవి రెండు చుక్కలన్న సంగతే దానికి చేరదు. ఆ పట్టే శక్తిని చెప్పేదే ఈ అంకె.

```
NA = n sin θ
d = 0.61 λ / NA
```

ఇందులో n అంటే లెన్స్‌కూ స్లైడుకూ మధ్య ఉన్నదాని వక్రీభవన గుణకం, θ అంటే లెన్స్ పట్టే వెలుతురు శంకువులో సగం కోణం, λ అంటే వెలుతురు తరంగదైర్ఘ్యం, d అంటే రెండు చుక్కలు విడిగా కనిపించడానికి ఉండాల్సిన కనీస దూరం. మధ్యలో గాలి ఉంటే n విలువ 1. కాబట్టి ఎంత ఖరీదైన లెన్స్ అయినా నూనె లేకుండా 1 దాటదు, 0.95 దగ్గరే ఆగుతుంది. ఇమ్మర్షన్ ఆయిల్‌కు n 1.515, ఇంచుమించు గాజుతో సమానం.

గాలి ఎందుకు అడ్డం పడుతుందో చిన్నప్పుడు బావిలో ఈత కొట్టినోళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మునిగి పైకి చూస్తే నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీ మేరకే ఆకాశం కనిపిస్తుంది. ఆ గుండ్రం అవతల నీటి పైభాగం అద్దంలా మారి కింది గోడల నీడలే చూపిస్తుంది. ఏటవాలుగా వెళ్లే వెలుతురు నీళ్లలోంచి గాలిలోకి దాటలేదు కాబట్టి. గాజులో ఆ హద్దు ఇంకా ఇరుకు, నిటారు గీత నుంచి 41 డిగ్రీలు. అంతకన్నా వాలిన కిరణం స్లైడులోకే తిరిగి పోతుంది. నూనె చుక్క వేస్తే గాజు ఇంకా సాగుతున్నట్టే ఉంటుంది, కిరణం వంగకుండా నేరుగా లెన్స్‌లోకి పోతుంది. 1.25 లెన్స్ దాదాపు 56 డిగ్రీల దాకా పట్టగలదు. 41కీ 56కీ మధ్య ఉన్న ఆ వెలుతురు కోసమే ఇంత జిడ్డు. జర్మనీలోని యేనాలో ఎర్నెస్ట్ అబ్బే ఈ హద్దును 1873లో లెక్కగట్టాడు, 1878కల్లా గాజుతో సరిపోయే నూనెకు తగ్గ లెన్స్ చేసి ఇచ్చాడు. మన ఫార్వర్డ్ మేధావికి ఆ కబురు ఇంకా అందలేదు.

ఇప్పుడు లెక్క చేద్దాం. పచ్చని వెలుతురు తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు అనుకుందాం. 0.65 లెన్స్‌కు d 0.52 మైక్రాన్లు, 1.25 లెన్స్‌కు 0.27. 40 ఎక్స్ మీద మామూలు 10 ఎక్స్ ఐపీస్ పెడితేనే ఆ 0.52 మైక్రాన్లు 400 రెట్లయి 0.2 మిల్లీమీటర్లుగా కంటికి అందుతాయి. మామూలు కన్ను దాన్ని విడదీయగలదు. అంటే ఆ లెన్స్ తెచ్చిందంతా మీరు అప్పటికే చూసేశారు. 25 ఎక్స్ పెడితే అదే మసక కాస్త లావెక్కుతుంది, వెలుతురు తగ్గుతుంది. పైగా 40 ఎక్స్ లెన్స్ మీద 0.17 అని కూడా ఉంటుంది చూడండి. అది దానికి కావలసిన కవర్‌స్లిప్ మందం, మిల్లీమీటర్లలో. మనం రక్తం స్మియర్‌ను కవర్‌స్లిప్ లేకుండానే చూస్తాం కాబట్టి ఆ 0.52 కూడా పూర్తిగా చేతికి రాదు.

“0.52 అయితే ఏందన్నా, 0.27 అయితే ఏంది?” అని మిర్యాలగూడ తమ్ముడు అడిగాడు. తమ్మీ, ఎర్ర కణం అడ్డం కొలత 7 నుంచి 8 మైక్రాన్లు. అందులో మలేరియా పరాన్నజీవి ఫాల్సిపేరమ్ లేత రింగు దాని అడ్డంలో అయిదో వంతు ఉండవచ్చు. ఆ రింగు నీలి గీత, దాని మీది ఎర్రచుక్క, ఒక్కోసారి పక్కనే ఉండే రెండో చుక్క, వీటన్నిటి కొలతలూ సరిగ్గా ఈ అర మైక్రాన్ చుట్టే తిరుగుతాయి. 0.52 దగ్గర అవి కలిసి ఒక ఊదా మరక అవుతాయి. 0.27 దగ్గర రింగు రింగులా, చుక్క చుక్కలా కనిపిస్తాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి ఉద్యోగంలో, ఒక చిన్న ల్యాబులో, ఒక సాయంత్రం ఆయిల్ అయిపోయింది. జ్వరంతో ఉన్న పిల్లాడి స్మియర్‌ను 40 ఎక్స్‌తో చూశాను. ఎర్ర కణం మీద ఊదా రంగు చుక్క కనిపిస్తే మలేరియా పాజిటివ్ అని రాసి ఇచ్చేశాను. మరుసటి రోజు మా సీనియర్ సార్ నూనె తెచ్చి అదే ఫీల్డు చూపించాడు. అది కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్. చుట్టూ సన్నటి తెల్ల అంచు, లోపల పొడిపొడిగా గింజలు. నీలి రింగు లేదు, విడిగా ఎర్రచుక్క లేదు. ఫైన్ ఫోకస్ కాస్త తిప్పితే కణం ఒక లెవెల్లో, చుక్క ఇంకో లెవెల్లో తేలాయి. పిల్లాడికి అప్పటికే మాత్రలు మొదలుపెట్టారు. సార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. టీబీ కఫం స్లైడ్లను ఎల్‌ఈడీ ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్‌లో 40 ఎక్స్‌తో, నూనె లేకుండానే చూస్తున్నారు, సరిగ్గానే చూస్తున్నారు. బ్యాక్టీరియా మందం అర మైక్రాన్ కూడా ఉండదు, అయినా దొరుకుతుంది. ఎందుకంటే అక్కడ నల్లటి వెనుక తెర మీద అది మెరుస్తుంది, అక్కడ ఒకటి ఉందా లేదా అన్నదే ప్రశ్న. చుక్కంత నక్షత్రం కూడా కంటికి కనిపిస్తుంది కదా. ఉనికి పట్టడం వేరు, రెండింటిని విడదీసి ఆకారం చెప్పడం వేరు. మలేరియాలో మనం చెప్పాల్సింది ఆకారం.

మూడో టిప్ చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ నూనె ఖర్చంతా బూడిదలో పోసేది అదే. వెలుతురును వెడల్పుగా పట్టే లెన్స్‌కు కింది నుంచి వెడల్పుగా వెలుతురు ఇవ్వాలి కదా. ఆబ్జెక్టివ్‌దీ కండెన్సర్‌దీ రెండు అపెర్చర్లూ లెక్కలోకి వస్తాయి:

```
d = 1.22 λ / (NA_obj + NA_cond)
```

కండెన్సర్‌కూ స్లైడుకూ మధ్య మనం నూనె వేయం, కాబట్టి దాని మీద 1.25 అని రాసి ఉన్నా మనకు 0.9 దాకా వస్తే గొప్ప. పూర్తిగా పైకెత్తి డయాఫ్రమ్ తెరిస్తే d 0.31 మైక్రాన్లు. అంటే ఇందాక నేను గొప్పగా చెప్పిన 0.27 మన బల్లల మీద నిజానికి రాదు. అదే డయాఫ్రమ్ మూసి 0.3కు తెస్తే 0.43. నూనె వేసి, తుడిచి, తిట్లు తిని చివరికి 40 ఎక్స్ దాపులకే వచ్చామన్నమాట. మరి “క్లియర్”గా ఎందుకు కనిపిస్తుంది? కాంట్రాస్ట్ పెరిగి అంచులు నల్లగా తేలతాయి కాబట్టి. రంగు వేయని మూత్రం స్లైడుకు అది మంచిదే, కండెన్సర్ దించండి. రంగు వేసిన స్మియర్‌కు వద్దు. అనుమానం ఉంటే ఫోకస్ చేశాక ఐపీస్ తీసి గొట్టంలోకి చూడండి. అడుగున వెలుతురు బిళ్ల కనిపిస్తుంది. అది చిన్న చుక్కలా ఉంటే డయాఫ్రమ్ మూసుకుంది. బిళ్లలో నల్లటి గుండ్రని మచ్చ ఉంటే నూనెలో గాలి బుడగ ఉంది, తుడిచి మళ్లీ వేయండి.

మిగిలింది కొబ్బరి నూనె. దీని మీద వెటకారం చేద్దామనే కూర్చున్నాను, లెక్క నా నోరు మూయించింది. కొబ్బరి నూనె గుణకం 1.45 దగ్గర ఉంటుంది. అది 1.25 కన్నా ఎక్కువే. అంటే లెన్స్ పట్టాల్సిన వెడల్పు కిరణాలన్నీ అందులోంచి దాటగలవు, గాలిలా అది వాటిని వెనక్కి తోయదు. పొడిగా చూడటం కన్నా ముమ్మాటికీ నయం. కాకపోతే గాజుతో సరిపోలదు కాబట్టి కిరణాలు కొద్దిగా వంగుతాయి, అంచు కిరణాలూ నడిమి కిరణాలూ ఒకే చోట కలవవు. ఎంత ఫోకస్ చేసినా సన్నటి పొగలాంటి మసక మిగులుతుంది. దాన్ని స్ఫెరికల్ అబెరేషన్ అంటారు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ గుణకం 1.47 పైన ఉంటుంది, అత్యవసరమైతే అది ఇంకాస్త మేలు. ఇంకో సంగతి, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున మహబూబ్‌నగర్‌లో ల్యాబు తలుపు తీసేవాళ్లు ముందు డబ్బాను ఎండలో పెట్టుకోవాలి.