మీ ఇంటి ముఖం మార్చడానికి పర్మిషన్ లేదు, కారణాలు కింద చూడగలరు

అయ్యా,

వారసత్వ కట్టడాల లిస్టులో ఉన్న మీ ఇంటి ఎలివేషన్ మార్చడానికి పెట్టుకున్న అప్లికేషన్ అందింది. అందడమే కాదు, చదివాం కూడా. ఈ రెండోది మా ఆఫీసులో రోజూ జరిగే పని కాదు కాబట్టి ప్రత్యేకంగా తెలియజేస్తున్నాం.

పాత సున్నం పూత మొత్తం చెక్కేసి, సిమెంట్ కొట్టించి, పైన మెరిసే ప్యానెళ్లు బిగిస్తామన్నారు. గోడకి చెమ్మ వస్తోంది, అందుకే అన్నారు. మా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే తేలిందేంటంటే, కొన్నేళ్ల కిందట చెమ్మ మోకాలి ఎత్తులో ఉండేది, మీరు అక్కడిదాకా సిమెంట్ పట్టీ వేయించారు, ఇప్పుడది నడుం ఎత్తుకొచ్చింది. ఎందుకు రాదు? ఇటుక నేలలోంచి నీళ్లు పీలుస్తుంది, సున్నం పూత ఉన్నంతకాలం ఆ నీళ్లు గాలికి ఆరిపోయేవి, మీరు ఆ దారి మూసేశారు, దాంతో అది పట్టీ దాటి పైకెక్కింది. పైగా నీళ్లతో వచ్చిన ఉప్పు సిమెంట్ వెనకాల గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తోంది. పట్టీ మీద వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది, ఇన్‌స్పెక్టర్ ఇంకొంచెం గట్టిగా కొట్టేసరికి పెచ్చు ఊడింది, ఇటుక ముఖం కూడా దాంతోపాటే వచ్చేసింది. (ఆ నష్టానికి ఆఫీసు బాధ్యత వహించదు.)

ఇక గోడ మొత్తం సిమెంట్ కొడితే చెమ్మ ఎక్కడిదాకా పోతుందో మీరే ఊహించుకోండి. ప్యానెళ్లు వేస్తే అదీ కనపడదు, అదే వాటి గొప్పతనం.

చెయ్యాల్సింది చెప్తాం. ముందు గోడ పక్కన పోసిన మట్టి తీసేయండి, పైనుంచి కారే నీళ్ల గొట్టం బాగుచేయించండి, పట్టీ పీకేసి గోడని ఆరనివ్వండి. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక లెక్కన పల్చటి పూతలు, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. సున్నం గాల్లోంచి బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, వారాలు పడుతుంది, మీ మేస్త్రీ రెండ్రోజుల్లో అయిపోద్ది అంటే నమ్మొద్దు. మా ఆఫీసు స్పీడుకి సరిపోయే మెటీరియల్ ఇదొక్కటే.

కిటికీలు కుళ్లిపోయాయి, పీకేసి ప్లాస్టిక్‌వి పెడతామన్నారు. చూశాం, కుళ్లింది నీళ్లు నిలిచే కింది కమ్మీ ఒక్కటే. కుళ్లినంత మేర కోసి కొత్త చెక్క అతికిస్తే చాలు, పంటికి పుచ్చు పడితే దవడ మార్చరు కదా.

మా ఆఫీసు బిల్డింగ్ కూడా అదే లిస్టులో ఉంది కదా, దానికి సిమెంట్ కొట్టించింది ఎవరు అని మీరు అప్లికేషన్ చివర్లో అడిగారు. ఆ ఫైలు ఆ గోడ పక్కనున్న బీరువాలోనే ఉండేది, చెమ్మకి పేజీలు అతుక్కుపోయాయి. డొల్ల శబ్దం ఎలా ఉంటుందో వినాలనుకుంటే మాత్రం ఆఫీసు టైమ్‌లో ఎప్పుడైనా రావచ్చు.

ఇట్లు,
మున్సిపల్ అధికారి