అభ్యాసంలోని లెక్కలకు మెట్లు కట్టేటప్పుడు

పాఠ్యపుస్తకంలో అధ్యాయం చివర ఉండే లెక్కలను సులభం, మధ్యస్థం, కఠినం అని మూడు గుంపులుగా విడగొట్టి, ప్రతి లెక్క కింద "సూచన: ఫలానా సూత్రం వాడండి" అని ఒక వాక్యం చేర్చి, దానినే స్వయం అధ్యయన సామగ్రిగా పంచిపెట్టే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. పక్కన అధ్యాపకుడు లేకుండా చదువుకునే విద్యార్థికి దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అంకెలు పెద్దవైనంత మాత్రాన, ప్రశ్న పొడవైనంత మాత్రాన లెక్క కష్టమైపోదు. అందులో విద్యార్థి తనంతట తాను తీసుకోవలసిన నిర్ణయాలు ఎన్ని, వాటిలో ఏవి కంటికి కనిపించకుండా దాగి ఉన్నాయి అన్న దానిమీదే కష్టం ఆధారపడి ఉంటుంది. మెట్లు కట్టవలసింది ఆ నిర్ణయాలకు.

గమన నియమాల అధ్యాయంలో తరచుగా కనిపించే ఒక లెక్కను తీసుకుందాం. నునుపైన నేల మీద 3 కిలోల దిమ్మె ఉంది, దాని మీద 2 కిలోల దిమ్మె ఉంది, రెండింటి మధ్య ఘర్షణ గుణకం 0.4. కింది దిమ్మెను అడ్డంగా గరిష్ఠంగా ఎంత బలంతో లాగితే రెండూ జారకుండా కలిసి కదులుతాయన్నది ప్రశ్న. g విలువను 10గా తీసుకుంటే సాధన మూడు పంక్తులే. పై దిమ్మెను ముందుకు కదిలించే బలం ఘర్షణ ఒక్కటే, అది 8 న్యూటన్లకు మించలేదు, కాబట్టి పై దిమ్మె త్వరణం 4 దాటదు. ఆ త్వరణంతో మొత్తం 5 కిలోలు కదలాలంటే 20 న్యూటన్లు కావాలి.

జవాబుల పట్టికలో 20 అని చూసుకున్న విద్యార్థికి ఈ మూడు పంక్తుల వెనుక ఉన్న మూడు నిర్ణయాలు కనిపించవు. పై దిమ్మె మీద ఘర్షణ ముందుకు పనిచేస్తుందని గుర్తించడం మొదటిది. "ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది" అని బట్టీ పట్టినవారు ఇక్కడే బాణం గుర్తును వెనక్కి గీస్తారు. μN అనేది జారడం మొదలయ్యే ముందు ఘర్షణ చేరగల హద్దు మాత్రమేనని, ఆ లోపల ఘర్షణ అవసరమైనంతే ఉంటుందని తెలుసుకోవడం రెండోది. రెండు దిమ్మెలను ఎప్పుడు ఒకే వస్తువుగా చూడాలో, ఎప్పుడు విడదీయాలో తేల్చుకోవడం మూడోది. వీటిలో రెండోదే అసలు చిక్కు, ఎందుకంటే మన లెక్కలో ఘర్షణ సరిగ్గా హద్దు దగ్గరే ఉంది కాబట్టి, f = μN అని గుడ్డిగా రాసినవారికి కూడా జవాబు సరిగ్గానే వస్తుంది. అంటే లోపాన్ని పట్టుకోవలసిన లెక్కే దానిని కప్పిపుచ్చుతోంది.

అందుకని నేనైతే ఈ లెక్కకు ముందు మూడు మెట్లు, తర్వాత రెండు మెట్లు పెడతాను. మొదటి మెట్టులో ఘర్షణ గుణకం ఇవ్వనే ఇవ్వను: కింది దిమ్మె 2 త్వరణంతో కదులుతోంది, పైది జారడం లేదు, దాని మీద ఘర్షణ ఎంత, ఏ దిశలో? సూత్రంలో వేయడానికి μ లేదు కాబట్టి విద్యార్థి న్యూటన్ నియమం నుంచే 4 న్యూటన్లు, ముందుకు, అని రాబట్టవలసి వస్తుంది. రెండో మెట్టులో μ విలువ 0.4 అని చెప్పి, కింది దిమ్మె త్వరణం 3 అయితే పైది నిలుస్తుందా, 5 అయితే నిలుస్తుందా అని అడుగుతాను. మొదటిదానికి 6 న్యూటన్లు చాలు కాబట్టి నిలుస్తుంది; రెండోదానికి 10 కావాలి, ఉన్నది 8 కాబట్టి జారుతుంది.

మూడో మెట్టు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కింది దిమ్మెను 10 న్యూటన్లతో లాగితే ఘర్షణ ఎంత? f = μN అలవాటు ఉన్నవారు 8 అని రాస్తారు. వారికి ఇచ్చే సూచన ఒక్కటే: మీ విలువతో రెండు దిమ్మెల త్వరణాలనూ విడివిడిగా కట్టి పోల్చండి. పైదానికి 4 వస్తుంది, కిందిదానికి 2/3 వస్తుంది. ఘర్షణ లాక్కుపోతున్న దిమ్మె, తనను లాగుతున్న దిమ్మెను దాటి ముందుకు పోవడం అసంభవం. తప్పు జరిగిందని అధ్యాపకుడు చెప్పనవసరం లేకుండా లెక్కే చెబుతుంది. రెండింటి త్వరణం 2, ఘర్షణ 4 న్యూటన్లు అని అప్పుడు తేలుతుంది.

పుస్తకంలోని అసలు లెక్క నాలుగో మెట్టు. ఐదో మెట్టులో బలాన్ని 30 న్యూటన్లకు పెంచి, జారేటప్పుడు కూడా గుణకం అదేనని చెబితే, పైదాని త్వరణం 4, కిందిదానిది సుమారు 7.3 వస్తాయి. ఆరో మెట్టులో కింది దిమ్మెకు బదులు పై దిమ్మెను లాగమంటాను. నాలుగో మెట్టు నుంచి F = μ(M+m)g అన్న ఫలితాన్ని మాత్రమే మూటగట్టుకుని వచ్చినవారు మళ్లీ 20 అని రాస్తారు. ఇప్పుడు ఘర్షణ మీద ఆధారపడినది కింది దిమ్మె. దానికి దక్కే గరిష్ఠ త్వరణం 8/3. కాబట్టి బలం సుమారు 13.3 న్యూటన్లు మాత్రమే.

సూచనల సంగతికి వస్తే, "న్యూటన్ రెండో నియమం వాడండి" అనేది సూచన కాదు. ఆ మాట అధ్యాయం పేరులోనే ఉంది. నాలుగో మెట్టుకు నా మొదటి సూచన ఒక ప్రశ్న: పై దిమ్మెను ముందుకు కదిలిస్తున్నది ఏది? రెండోది: ఆ బలానికి హద్దు ఉంటే పై దిమ్మె త్వరణానికి కూడా హద్దు ఉండాలి కదా? మూడోది: పై దిమ్మెకు మాత్రమే సమీకరణం రాసి గరిష్ఠ త్వరణం కట్టండి, తర్వాత రెండింటినీ కలిపి చూడండి. పూర్తి సాధన వీటికి దూరంగా వేరే పుటలో ఉండాలి. కంప్యూటర్ మీద జ్యామితి నేర్చుకునే విద్యార్థులను గమనించిన విన్సెంట్ అలెవెన్, కెనెత్ కోడింజర్ 2000లో ప్రచురించిన పత్రంలో, చాలామంది మధ్యలోని సూచనలను చదవకుండానే జవాబు చెప్పే చివరి సూచనకు దూకుతున్నారని రాశారు. మూడు సూచనలనూ ఒకదాని కింద ఒకటి అచ్చువేస్తే కాగితం మీద జరిగేదీ అదే. మూడో సూచన దాకా వెళ్లినవారు ఆ లెక్క అయిపోయిందని గుర్తు పెట్టుకోకూడదు. ద్రవ్యరాశులూ గుణకమూ మార్చిన జంట లెక్కను సూచనలు లేకుండా చేశాకే పై మెట్టుకు వెళ్లాలి.

అందరూ మొదటి మెట్టు నుంచే ఎక్కాలన్న నియమం కూడా అనవసరం. కొత్తవారికి మేలు చేసే సహాయమే విషయం తెలిసినవారికి అడ్డంకి అవుతుందని బోధనా పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మూడో మెట్టుతో మొదలుపెట్టి, తడబడితే కిందికి దిగడం, తడబడకపోతే నేరుగా ఆరుకు పోవడం మేలు.

ఇదంతా ప్రతి లెక్కకూ చేయబూనితే ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. ఒక అధ్యాయంలో దాగిన నిర్ణయాలు ఉన్న లెక్కలు మూడో నాలుగో ఉంటాయి. మిగిలినవి సూత్రంలో విలువలు ప్రతిక్షేపించే సాధన మాత్రమే, వాటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చు. మెట్లకు తీరని లోపం ఒకటి ఉంది: ఘర్షణ అధ్యాయం కింద ఉన్న లెక్కలో ఘర్షణే ముఖ్యమని విద్యార్థికి ముందే తెలిసిపోతుంది. అందుకే ఏడో మెట్టును ఈ అధ్యాయంలో పెట్టను. పని, శక్తి అధ్యాయపు లెక్కల మధ్య, ఏ శీర్షికా ఏ సూచనా లేకుండా, అవే దిమ్మెలలో కిందిదానిని 10 న్యూటన్లతో లాగి రెండింటినీ 1 మీటరు కదిలించి, ఘర్షణ ఒక్కో దిమ్మె మీద ఎంత పని చేసిందని అడుగుతాను. పైదాని మీద +4 జౌళ్లు, కిందిదాని మీద −4 జౌళ్లు. ఘర్షణ చేసే పని ఎప్పుడూ రుణాత్మకమేనని రాసినవారిని తిరిగి మొదటి మెట్టుకు పంపుతాను.