సార్ట్ నంబర్లని టెక్స్ట్ లాగే పేరుస్తుంది, ఆ అమ్మాయి చూసింది నిజమే

జావాస్క్రిప్ట్ కొత్తగా నేర్చుకుంటున్న ఒకమ్మాయి మార్కుల లిస్టుని సార్ట్ చేస్తే 100 ముందుకొచ్చి 9 చివరికి పోయిందట, "ఇది నంబర్లని టెక్స్ట్ లాగా పేరుస్తోందేమో అన్నా" అని అడిగితే పక్కనున్న సీనియర్ "నీ కోడ్‌లోనే ఎక్కడో తప్పుంటుంది, మళ్ళీ చూస్కో" అని పంపించేశాడట. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల చూసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, కోడ్‌లో తప్పేం లేదు, సార్ట్‌కి కంపారేటర్, అంటే రెండిట్లో ఏది ముందో చెప్పే ఫంక్షన్, ఇవ్వకపోతే అది చేసే పనే అది.

```js
const m = [78, 9, 100, 35];
m.sort();
// [100, 35, 78, 9]
```

లోపల జరిగేది ఇదీ. పోల్చే ముందు ప్రతి విలువనీ స్ట్రింగ్‌గా మార్చుకుంటుంది, అంటే "78", "9", "100", "35", ఆ తర్వాత డిక్షనరీలో మాటలు చూసినట్టు మొదటి క్యారెక్టర్ నుంచి పోలుస్తూ పోతుంది. "1" అనేది "3" కంటే ముందు, "3" అనేది "7" కంటే ముందు, "9" అన్నిటికన్నా వెనక. అంతే, 100లో ఇంకా రెండు సున్నాలున్నాయని అది చూడనే చూడదు, మొదటి క్యారెక్టర్ దగ్గరే తేలిపోయింది కదా. ఇక్కడ ఒక్క విషయం మాత్రం సరిగ్గా పట్టుకోవాలి, నంబర్లు టెక్స్ట్‌గా మారిపోలేదు, పోల్చడానికి మాత్రమే టెక్స్ట్ రూపం వాడుకుంది. సార్ట్ అయ్యాక `typeof m[0]` చూడండి, `number` అనే వస్తుంది.

ఇలా ఎందుకు పెట్టారయ్యా అంటే, మామూలు అరేలో ఏదైనా ఉండొచ్చు, నంబరు, పేరు, తేదీ, అన్నీ కలిపి కూడా. దేన్నైనా పోల్చగలిగే ఉమ్మడి రూపం స్ట్రింగే కాబట్టి దాన్నే డిఫాల్ట్ చేశారు. నంబర్లు తప్ప ఇంకేం పట్టని `Float64Array` లాంటి వాటిలో అదే సార్ట్ కంపారేటర్ లేకుండానే నంబర్ల వరసలో పేరుస్తుంది. మామూలు అరే సంగతి ఇప్పుడు మారుద్దామన్నా కుదరదు, ఈ పద్ధతి మీద ఆధారపడి నడుస్తున్న పాత సైట్లు అన్నీ తేడా కొడతాయి.

నాకు అసలు కోపం ఎక్కడంటే, చాలా పాఠాల్లో ఉదాహరణకి `[40, 25, 61, 33]` లాంటి లిస్టు ఇస్తారు. అన్నీ రెండంకెల నంబర్లే! పాజిటివ్ పూర్ణాంకాలు అన్నిటికీ ఒకే పొడవు ఉంటే టెక్స్ట్ వరసా నంబర్ల వరసా ఒకటే అవుతుంది, కాబట్టి పాఠం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. అదే కోడ్ నిజం పనిలో పెడితే క్లాసులో ఎవరికో వందకి వంద వచ్చిన రోజు, లేదా ఎవరికో సింగిల్ డిజిట్ వచ్చిన రోజు ర్యాంకులు తలకిందులవుతాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. మైనస్ నంబర్లుంటే ఇంకో తమాషా, `[-1, -2, 10, 5]` ని సార్ట్ చేస్తే కదలకుండా అలాగే ఉంటుంది, ఎందుకంటే టెక్స్ట్ లెక్కన అది ఆల్రెడీ వరసలోనే ఉంది.

సరిచేయడం ఒక్క లైను.

```js
m.sort((a, b) => a - b);
// [9, 35, 78, 100]
```

తీసివేత నెగటివ్ వస్తే a ముందు, పాజిటివ్ వస్తే b ముందు, సున్నా వస్తే రెండూ సమానం. పెద్దవి ముందు రావాలంటే `b - a`. కానీ దయచేసి `a > b` అని రాయమని ఎవరికీ చెప్పకండి, పాత క్రోమ్‌లో పది లోపు ఐటమ్స్‌కి అది పనిచేసేది కాబట్టి ఇంకా కొంతమంది అదే నేర్పుతున్నారు. అది ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది, అంటే 1 లేదా 0, నెగటివ్ అన్నదే రాదు. 2018లో క్రోమ్ 70 నుంచి లోపల సార్ట్ చేసే పద్ధతి మారింది, ఇప్పుడు అలా రాస్తే లిస్టు ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తుంది. టెక్స్ట్ వరస తప్పించుకుందామని వెళ్ళి అసలు వరసే లేకుండా పోతుంది.

కొత్తగా వచ్చిన `toSorted` ఒరిజినల్ అరేని ముట్టుకోకుండా కాపీ ఇస్తుంది గానీ, కంపారేటర్ విషయంలో దానిదీ ఇదే రూలు, అక్కడా `a - b` ఇవ్వాల్సిందే.

నేర్పేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే, సార్ట్ చెప్పే రోజు బోర్డు మీద `[9, 10, 100, -5]` రాయండి, కంపారేటర్ లేకుండా ఒకసారి రన్ చేయించండి, `[-5, 10, 100, 9]` వస్తుంది, ఎందుకొచ్చిందో పిల్లల చేతే చెప్పించండి.