పెదాలకు తగినట్టు తెలుగును సవరించాలి

యానిమేషన్ లఘుచిత్రాలను తెలుగులోకి దించేవాళ్ళు మొదటినుంచీ పని తలకిందులుగా చేస్తున్నారు. బొమ్మ నోరు ఇంగ్లీషులో కదులుతుంటే దానికి అతికే తెలుగు మాటల కోసం రాత్రుళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. బొమ్మను గీసి, రంగులేసి, రెండరింగ్ కూడా చేసి పంపేశారు. దాన్నిక కదిలించలేం. తెలుగు మాత్రం మన చేతుల్లోనే ఉంది, అడిగేవాడు కూడా లేడు. కాబట్టి సవరించాల్సింది తెలుగునే అని సవినయంగా మనవి చేస్తున్నాను.

1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన 'ఆహుతి' సినిమాకి శ్రీశ్రీ కలం పట్టినప్పుడే ఈ పని జరిగి ఉండాల్సింది. ఛందస్సు సంకెళ్ళు తెంచిన మహాకవి, నటుల పెదాల దగ్గరికొచ్చేసరికి బుద్ధిగా సంకెళ్ళు తొడుక్కున్నాడు. అక్కడ తప్పిన బండి ఇంకా పట్టాలెక్కలేదు.

సమస్య ఎంత తీవ్రమో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఆరు నిమిషాల సినిమా. గడ్డకట్టిన చెరువు మధ్యలో ఉడుతపిల్ల, ఒడ్డున తల్లి ఉడుత. తల్లి ముఖం తెరనిండా ఉంది. "డోంట్ మూవ్. ది ఐస్ ఈజ్ థిన్" అంటుంది. మొదటి మాటకు 20 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన అది సెకనులో ఆరింట ఐదు వంతులు. నిర్మాతగారు "ఆరు నిమిషాలేగా, సాయంత్రానికి ఇచ్చేయండి" అన్నారు. అనువాదకుడు "కదలకు. మంచు పలచగా ఉంది" అని పావుగంటలో ఇచ్చేశాడు కూడా. అర్థంలో ఒక్క తప్పు లేదు. కానీ మైకు ముందు చదివి తెరమీద చూస్తే ఉడుత ఒకటి మాట్లాడుతోంది, గొంతు ఇంకొకటి మాట్లాడుతోంది.

కారణం పెదాలు. ప, బ, మ పలకాలంటే రెండు పెదాలూ కలిసి తీరాలి. బొమ్మల సినిమాల్లో నోటికి గీసే ఆకారాలు మహా అయితే పదో పన్నెండో ఉంటాయి. వాటిలో చాలావాటిని ప్రేక్షకుడు పట్టించుకోడు. "అ"కి "ఎ" పడినా క్షమిస్తాడు. మూసిన నోట్లోంచి "కా" వచ్చినా, బార్లా తెరిచిన నోట్లోంచి "ప" వచ్చినా మాత్రం క్షమించడు. "మూవ్"లో ఉడుత పెదాలు స్పష్టంగా కలుస్తాయి. "కదలకు"లో ఎక్కడా కలవవు. రెండో వాక్యం అంతకంటే ఘోరం. "ది ఐస్ ఈజ్ థిన్" అన్నంతసేపూ ఉడుత పెదాలు ఒక్కసారీ కలవవు. మన వాక్యంలో మాత్రం "మంచు"కి ఒకసారి, "పలచగా"కి ఇంకోసారి కలవాలి.

నా సంస్కరణ ప్రకారం, అవసరమైన చోట్ల "మంచు"లోంచి మ-ని, "పలచన"లోంచి ప-ని తొలగించే అధికారం డబ్బింగ్ థియేటర్‌కి ఉండాలి. నిఘంటువులు తర్వాత సర్దుకుంటాయి.

ఈ లోపల ఒక పెద్దాయన అడ్డొచ్చాడు. చాలా ఏళ్ళుగా డబ్బింగ్ మాటలు రాస్తున్న మనిషి. ఆ ముక్కని గొంతు ఆపేసి, బొమ్మ ఒక్కదాన్నే తిప్పి తిప్పి చూశాడు. పెదాలు కలిసిన ఫ్రేముల దగ్గర కాగితం మీద చుక్కలు పెట్టుకున్నాడు. తర్వాత "ఓయ్, మెదలకు! కింద నీళ్ళే!" అని రాశాడు. "డోంట్"లో గుండ్రంగా తిరిగిన నోటికి "ఓయ్" అతికింది. "మూవ్"లో పెదాలు కలిసే చోట "మెదలకు"లోని మె సరిగ్గా కూర్చుంది. "కింద నీళ్ళే"లో పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. పైగా అవతల నాలుగు అక్షరాలైతే ఇవతలా నాలుగే. మంచు ఏమైందని అడిగితే, "మంచు తెరమీద కనపడుతూనే ఉందిగా, మళ్ళీ చెప్పడమెందుకు? తల్లి భయమంతా కింద ఉన్న నీళ్ళ గురించే" అన్నాడు. ఇలాంటి సమాధానాల వల్లే భాషా సంస్కరణలు ముందుకు సాగవు.

మరో చోట తల్లి "యువర్ ఫాదర్ ఈజ్ దేర్" అంటూ చివరి మాట మీద చెయ్యెత్తి ఆవలి ఒడ్డు చూపిస్తుంది. "మీ నాన్న అక్కడ ఉన్నాడు" అంటే చెయ్యి లేచేసరికి "ఉన్నాడు" దగ్గరుంటాం. ఉడుత ఉనికిని వేలితో చూపించినట్టుంటుంది, వేదాంతంగా. క్రియలన్నిటినీ వాక్యం మధ్యకి తరలించే తీర్మానం రాసి సిద్ధంగా ఉంచాను. పెద్దాయన క్రియనే ఎత్తేసి "నాన్న... అదిగో!" అన్నాడు. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం నడుస్తుందన్న సంగతి ఆ తీర్మానంలో చేర్చడం కుదరలేదు. మరి వివరం అంతా చెప్పాల్సిన పొడుగు మాటలేం చేస్తావంటే, ఉడుత వెనక్కి తిరిగి నడిచే షాట్ కోసం కాచుకుంటాడట. వీపుకి పెదాలుండవు కదా.

సబ్‌టైటిళ్ళ దగ్గర నా వాదన మరింత బలపడుతుంది. డబ్బింగ్‌కి రాసిన మాటలనే కింద వేసేస్తే డబ్బు మిగులుతుందని నిర్మాతగారి ఆలోచన. పెద్దాయన దానికీ ఒప్పుకోలేదు. సబ్‌టైటిల్ చదివేవాడు అసలు ఇంగ్లీషు గొంతే వింటుంటాడు, అక్కడ పెదాలతో పేచీ లేదు, కాబట్టి మంచును వెనక్కి తేవాలన్నాడు:

```
31
00:02:14,000 --> 00:02:16,500
కదలకు.
మంచు పలచగా ఉంది.
```

ఇక్కడ పేచీ కంటితో. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళకి సెకనుకి 17 నుంచి 20 అక్షరాలు దాటకూడదని ఒక లెక్క వాడుకలో ఉంది. సాఫ్ట్‌వేర్ అదే లెక్కని తెలుగుకీ వేస్తుంది. "నీళ్ళే"లో మన కంటికి రెండే అక్షరాలు. యంత్రానికి న, ఈత్వం, ళ, పొల్లు, ఇంకో ళ, ఏత్వం కలిపి ఆరు. హాయిగా చదవగలిగే వాక్యం మీద కూడా ఎర్రగీత పడుతుంది. చూసి టెన్షన్ పడ్డ కుర్రాడు మాటలు కోసేస్తాడు. ఇక పై వరుసలోని ఒత్తులు కిందికి వేలాడి కింది వరుసలోని గుడుల్ని ఢీకొంటుంటాయి. ఒత్తుల్ని రద్దు చేస్తే లెక్కా తగ్గుతుంది, ప్రమాదాలూ తగ్గుతాయి. పెద్దాయన మాత్రం వరుసల మధ్య ఎడం పెంచమంటాడు, ఎర్రగీతను నమ్మకుండా బయటికి చదివి చూసుకోమంటాడు.

చివరగా నా బలమైన ఆయుధం. మంచు పగిలినప్పుడు పిల్ల "మామ్!" అని అరుస్తుంది. నోరు మూసి, తెరిచి, మళ్ళీ మూస్తుంది. "అమ్మా!" అనాలంటే నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరవాలి. పూర్తిగా తిరగేసిన మాట. దీనికి ఏ కవీ ఏమీ చెయ్యలేడు, కనుక "అమ్మ"ను "మామ్"గా మార్చేయాలని, ఇంగ్లీషు మీడియం ఇళ్ళలో ఈ సంస్కరణ "మమ్మీ" రూపంలో ఇప్పటికే సగం అమలైందని గణాంకాలు లేకుండానే నిరూపించాను. పెద్దాయన ఆ అరుపుకి ముందున్న ఫ్రేములు తిప్పాడు. అరవబోయే ముందు పిల్ల ఉలిక్కిపడి ఊపిరి పీలుస్తుంది, అంటే నోరు అప్పటికే తెరుచుకుని ఉంది. "అ"ని ఆ ఊపిరిలో పెట్టాడు. పెదాలు కలిసేచోట "మ్మా" వేశాడు, అవి మళ్ళీ మూసుకునేలోపు గొంతు తుంచెయ్యమని డబ్బింగ్ చెప్పే అమ్మాయికి చెప్పాడు. అతికింది.

ఈయన్ని సంస్కరణల సంఘంలోకి తీసుకోకూడదని నా అభ్యంతరం లిఖితపూర్వకంగా పంపాను.