చంద్ర లగ్నం నుంచి చూస్తే ఆధిపత్యం కూడా మారుతుంది

"మేష లగ్నం, మకరంలో శని. పదిలో స్వక్షేత్రం, బాగుంది. చంద్రుడు కర్కాటకంలో ఉన్నాడు, అక్కడి నుంచి శని ఏడో ఇంట్లో. ఏది తీసుకోవాలండీ?"

రెండూ తీసుకోవాలండీ. కానీ చాలామంది స్థానం మార్చి, ఆధిపత్యం మార్చడం మరిచిపోతారు. మేషానికి శని 10, 11 అధిపతి. కర్కాటకం నుంచి 7, 8 అధిపతి అవుతాడు. అంటే ఉద్యోగానికి బలమిచ్చే అదే శని, చంద్రుడి నుంచి దాంపత్యంలో జాప్యం, బరువు చూపిస్తాడు. రాశి, స్వక్షేత్ర బలం, చంద్రుడిపై సప్తమ దృష్టి మాత్రం మారవు.

ఇలాగే రవి నుంచి కూడా చూడాలి. మీ రవి తులలో ఉంటే అక్కడి నుంచి శని 4, 5 అధిపతి, యోగకారకుడు. రవి నుంచి దశమం కర్కాటకం, అక్కడే చంద్రుడు స్వక్షేత్రంలో. ఉద్యోగం విషయంలో లగ్నం చెప్పినదాన్ని ఇది బలపరుస్తోంది. లగ్నం, చంద్రుడు, రవి, ఈ మూడింటిలో రెండు చోట్ల నిలబడిన ఫలితాన్నే గట్టిగా చెప్పండి.

ముందుగా చంద్రుడి భాగలు చూడండి. గంటకు సుమారు అర భాగ కదులుతాడు కాబట్టి, 29 భాగలు దాటి ఉంటే జనన సమయంలో రెండు గంటల తేడాకే రాశి మారి, ఈ లెక్కంతా తప్పుతుంది.